కూరగాయల్లో కరిగే పీచు, కరగని పీచు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెండకాయ అంటే కరిగే పీచు, తోటకూర అంటే కరగని పీచు అంటూ కూరగాయల్ని రెండు వర్గాలుగా విడదీసిన పట్టికలు వాట్సాప్‌లో బాగా తిరుగుతున్నాయి. చూడ్డానికి తేలిగ్గా ఉంటాయి గానీ వాటిని నమ్ముకుని వంట మార్చుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. మన ఇళ్ళలో వండే కూరలు, పప్పులు, ధాన్యాల వరకు తీసుకుని, ఎక్కువ మంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

కరిగే పీచు, కరగని పీచు అంటే అసలు తేడా ఏమిటి?

మన చిన్నపేగులోని ఎంజైములు జీర్ణం చేయలేని మొక్కల పదార్థాలన్నిటినీ కలిపి పీచు అంటాం. మొక్క కణం చుట్టూ ఒక గోడ ఉంటుంది. ఆ గోడకు బలాన్నిచ్చే దారాల్లాంటి భాగం సెల్యులోజ్. దానికి తోడుగా హెమీసెల్యులోజ్, ముదిరిన కాయల్లోనూ కాడల్లోనూ చెక్కలా గట్టిపడే లిగ్నిన్ ఉంటాయి. ఇవి చాలావరకు నీళ్ళలో కరగవు. నీటిని పట్టుకుని ఉబ్బుతాయి, ఆ రూపంలోనే పెద్దపేగు దాకా వెళ్తాయి. ఇది కరగని పీచు.

కణానికీ కణానికీ మధ్య అతుకులా ఉండే పెక్టిన్, కొన్ని కాయల్లోని జిగురు, గింజల్లోని గమ్ములు, ఓట్స్‌, బార్లీల్లోని బీటా గ్లూకాన్, ఉల్లిపాయలోని ఫ్రక్టాన్లు నీళ్ళలో కలిసిపోతాయి. ఇవి కరిగే పీచు. జామ్ గడ్డకట్టడానికి కారణం పెక్టినే.

రెండూ ఒకే కణం గోడలో పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఒకటి మాత్రమే ఉండి రెండోది అసలు లేని కూరగాయ దొరకదు.

ఎంత కరిగింది, ఎంత కరగలేదు అని ఎలా కొలుస్తారు?

కూరగాయను ఎండబెట్టి పొడి చేస్తారు. మన కడుపులో జరిగే పనిని గాజు పాత్రలో జరిపించినట్టుగా, పిండిపదార్థాన్ని, మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు. మిగిలినదాన్ని వడకడితే పైన ఆగిపోయేది కరగని పీచు. కిందికి దిగిన నీటిలో దానికి నాలుగు రెట్లు ఆల్కహాల్ పోస్తే తెల్లగా విరిగి అడుక్కు చేరేది కరిగే పీచు. రెంటినీ ఆరబెట్టి, తూకం వేసి, అందులో ఉండిపోయిన మాంసకృత్తుల్నీ బూడిదనూ తీసేస్తారు.

ఈ పద్ధతి తెలిస్తే ఒక విషయం అర్థమవుతుంది. కరగడం, కరగకపోవడం అనేవి ల్యాబులో ఒక నిర్ణీత వేడి దగ్గర, ఒక నిర్ణీత పులుపు దగ్గర కొలిచిన లెక్కలు. కడుపులో అదే జరగాలని లేదు. ఉల్లిపాయలోని ఫ్రక్టాన్లలో చిన్నవి ఆల్కహాల్‌కు కూడా విరగవు, పాత పద్ధతిలో లెక్కకు రాకుండా తప్పించుకునేవి. రెండు పుస్తకాల్లో ఒకే కూరగాయకు వేర్వేరు అంకెలు కనిపిస్తే, కొలిచిన పద్ధతి తేడా కావచ్చు, కాయ ముదురు లేతల తేడా కావచ్చు.

మన ఆహారాలకు ఆధారంగా తీసుకోదగ్గది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలు. వాటిలో మొత్తం పీచు, కరగనిది, కరిగేది అని మూడూ విడివిడిగా ఇచ్చారు. కింద వచ్చే అంకెలన్నీ పచ్చి పదార్థం 100 గ్రాములకు, సుమారుగా చెప్పినవి.

అయితే ఏ కూరగాయలో ఏది ఎక్కువ?

దాదాపు అన్నిటిలోనూ కరగనిదే ఎక్కువ. మొత్తం పీచులో మూడింట రెండొంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కరగని పీచు ఉంటుంది. కరిగే పీచు ఎక్కువని పేరున్న కూరగాయల్లో కూడా సగాన్ని దాటడం అరుదు. కాబట్టి "ఇది కరిగే పీచు కూరగాయ" అనే మాట సరైంది కాదు. కరిగే పీచు వాటా మిగతావాటికంటే కాస్త ఎక్కువగా ఉన్న కూరగాయ అని చెబితే సరిపోతుంది.

అలా చూస్తే బెండకాయ, క్యారెట్, వంకాయ, చిలగడదుంప, చేమదుంప, క్యాబేజీ ఒక వైపు నిలుస్తాయి. బెండ, చేమల్లో జిగురు ఉంది. క్యారెట్, వంకాయల్లో పెక్టిన్ బాగా ఉంది. వంకాయ ఉడికి మెత్తగా ముద్దలా అయిపోవడానికి అదే కారణం. బెండ, వంకాయ, క్యారెట్ మూడింటిలోనూ మొత్తం పీచు 4 గ్రాముల దగ్గర ఉంటుంది.

రెండో వైపు ఆకుకూరలు, గోరుచిక్కుడు, చిక్కుడు, బీన్స్, కాకరకాయ, అరటిపువ్వు, అరటిదూట, ములక్కాడ ఉంటాయి. వీటిలో కరిగేది లేదని కాదు, కరగనిది స్పష్టంగా ఎక్కువ. అరటిదూట తరిగేటప్పుడు వేలికి చుట్టి తీసేసే దారాలను చూస్తే సెల్యులోజ్ ఎలా ఉంటుందో కంటితో చూసినట్టే. తోటకూరలో ఆకు కంటే కాడలో ముతక పీచు ఎక్కువ. లేత కాడలు పారేయకుండా పులుసులో వేసేవాళ్ళు ఆ పీచును కూడా తింటున్నారు.

సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ ఏ వైపూ కావు. వీటిలో తొంభై శాతానికి పైగా నీరే, పీచు 2 గ్రాముల దగ్గరే ఉంటుంది. ఇవి తిన్నాక కడుపు తేలిగ్గా ఉంటుంది కదా అంటే, అది నీటి వల్ల. అయితే బీరకాయ చెక్కు తీసి పారేస్తే ఉన్న కొంచెంలోనూ మంచి వాటా పోతుంది. బీరపొట్టు పచ్చడి చేసుకునే ఇళ్ళలో ఆ నష్టం లేదు.

బెండకాయ జిగురు వేపుడు చేస్తే పోతుందా?

జిగురు కనిపించకుండా పోతుంది, పీచు మాత్రం పోదు. బెండ జిగురు పెక్టిన్ కుటుంబానికి చెందిన పొడవాటి చక్కెర గొలుసులతో తయారైంది. నీరు తగిలితే ఆ గొలుసులు విచ్చుకుని సాగుతాయి. నూనెలో వేయించినప్పుడు నీరు ఆవిరైపోతుంది కాబట్టి జిగురు ఎండి ముక్కకు అంటుకుపోతుంది. తిన్నాక కడుపులో మళ్ళీ నీరు తగులుతుంది, అందులో కొంత మళ్ళీ విచ్చుకుంటుంది. పులుసులో చింతపండు, మజ్జిగపులుసులో మజ్జిగ వేస్తే జిగురు తగ్గడానికి కారణం వేరే. పులుపుకు ఆ గొలుసులు ముడుచుకుని చిక్కదనం కోల్పోతాయి. అప్పుడూ పీచు గిన్నెలోనే ఉంటుంది.

బెండకాయలు కోసి రాత్రంతా నీళ్ళలో వేసి పొద్దున్నే ఆ నీళ్ళు తాగితే షుగర్ తగ్గుతుందనే ప్రచారం గురించి కూడా అడుగుతుంటారు. నాలుగైదు కాయల బరువు 50 గ్రాముల లోపే. వాటిలో ఉండే మొత్తం పీచే 2 గ్రాములు. అందులో నీళ్ళలోకి దిగేది జిగురులో ఒక భాగం మాత్రమే. ముక్కలు పారేసి నీళ్ళు తాగడం కంటే ఆ కాయల్ని కూర చేసుకుని తింటే రెండు రకాల పీచూ దక్కుతుంది. షుగర్ మందులు వేసుకునేవాళ్ళు ఈ నీళ్ళను నమ్ముకుని మందు ఆపడం ప్రమాదం.

గోరుచిక్కుడు నుంచి గ్వార్ గమ్ తీస్తారు కదా, మరి కరిగే పీచు ఎక్కువ ఉండాలిగా?

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఐస్‌క్రీములు, సాస్‌లు చిక్కగా రావడానికి వాడే గ్వార్ గమ్ ఈ మొక్క నుంచే వస్తుంది. రాజస్థాన్‌లో దీన్ని పెద్ద ఎత్తున పండించేది అందుకే. కానీ ఆ గమ్ ఉండేది ముదిరి ఎండిన గింజ లోపలి పప్పులో. మనం కూరకు కోసేది గింజ ఇంకా పట్టని లేత కాయ. దాన్లో ఎక్కువ భాగం కాయ తోలు, ఈనెలు, అంటే కరగని పీచు. ఈనె తీయకపోతే నోటికి తగిలేది అదే.

ఈ సంగతి మిగతా కూరగాయలకూ వర్తిస్తుంది. మొక్కలో ఏ భాగం, ఎంత ముదురు అన్నదాన్ని బట్టి పీచు మారిపోతుంది. ముదురు బెండకాయలో, ముదురు బీన్స్‌లో లిగ్నిన్ పెరుగుతుంది. కొన విరిస్తే టప్పున విరగకుండా సాగే బెండకాయను పక్కన పెట్టడం మనకు తెలిసిన పరీక్షే.

ములక్కాడలో పీచు చాలా ఎక్కువంటారు. నిజమేనా?

పట్టికలో నిజమే. కంచంలో సగమే నిజం. నమిలి పిప్పి ఊసేస్తాం కదా, లెక్కలోని కరగని పీచులో చాలా భాగం ఆ పిప్పితోనే పోతుంది. లోపలి గుజ్జు, గింజలు మాత్రమే మన ఖాతాలోకి వస్తాయి. చెరకు సంగతీ ఇంతే.

కూరగాయల కంటే పప్పులు, ధాన్యాల్లో పీచు ఎక్కువా?

బరువుకు బరువు చూస్తే చాలా ఎక్కువ, ఎందుకంటే వాటిలో నీరు తక్కువ. తెల్ల బియ్యంలో మొత్తం పీచు 2.8 గ్రాములు, అందులో కరిగేది 0.8. గోధుమపిండి, రాగులు, జొన్నలు 10 నుంచి 11 గ్రాముల మధ్య ఉంటాయి, వాటిలో కరిగేది 1.7 దగ్గరే. అంటే చిరుధాన్యాలకు మారితే ప్రధానంగా పెరిగేది కరగని పీచు. రాగిజావ చిక్కగా వస్తుంది కాబట్టి అదంతా కరిగే పీచే అనుకోవద్దు, ఆ చిక్కదనం ఉడికిన పిండిపదార్థానిది.

కందిపప్పులో సుమారు 9 గ్రాములు, పొట్టు తీసిన మినపప్పులో 12, పొట్టుతో ఉన్న శనగల్లో 25 దాకా ఉంటుంది. పొట్టంతా దాదాపు కరగనిదే. లోపలి పప్పులో రెండూ ఉంటాయి. మినపప్పు రుబ్బితే వచ్చే జిగట మాత్రం నిజంగా కరిగే పీచుదే. ఇడ్లీ పిండి పులిసినప్పుడు గాలి బుడగలు బయటికి పోకుండా నిలవడంలో ఆ జిగటకూ వాటా ఉంది.

పూటకు తినే మోతాదు వేరు సుమా. పప్పు 30 గ్రాములు తింటాం, కూర 100 నుంచి 150 గ్రాములు తింటాం. చివరికి లెక్క చూస్తే ఒక గిన్నె కూర, ఒక గరిటె పప్పు కంటే ఎక్కువ పీచునే ఇస్తుంది.

మామూలు తెలుగు భోజనంలో రోజుకు ఎంత పీచు వస్తుంది? ఒకసారి లెక్క వేసి చూపించండి.

ఉదయం మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. ఇడ్లీ రవ్వ 50 గ్రాములు, మినపప్పు 20, పల్లీలు 15 అనుకుందాం. రవ్వ నుంచి 1.4, మినపప్పు నుంచి 2.4, పల్లీల నుంచి 1.5, మొత్తం 5 గ్రాముల పైచిలుకు.

మధ్యాహ్నం 120 గ్రాముల బియ్యం అన్నం, రాత్రి 100 గ్రాములది. రెండు పూటలా కలిపి 6 గ్రాములు. కందిపప్పు 30 గ్రాములకు 2.7. వంకాయ కూర రెండు పూటలకూ కలిపి 150 గ్రాములు, దాని నుంచి 6. పెరుగులో పీచు సున్నా. రసంలో ఉన్నా చెప్పుకోదగ్గది కాదు.

అంతా కలిపితే 20 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పెద్దవాళ్ళకు చెప్పిన కనీస మోతాదు 25 గ్రాములు. ఈ 20లో కరిగేది నాలుగో వంతు, అంటే 5 గ్రాముల దగ్గర ఉంటుందనుకోవచ్చు.

ఇప్పుడు రాత్రి అన్నం తీసేసి 100 గ్రాముల జొన్నపిండితో రొట్టెలు చేసుకుంటే? బియ్యం 2.8 పోయి జొన్న 10.2 వస్తుంది, మొత్తం 27 దాటుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్ళకు ఈ ఒక్క మార్పే బాగా పనికొస్తుంది. కానీ కరిగే పీచు పెరిగింది ఒక గ్రాము కూడా కాదు. కొలెస్ట్రాల్ కోసం జొన్నరొట్టెకు మారి, మూడు నెలల తర్వాత రిపోర్టులో పెద్ద తేడా లేదని నిరాశపడేవాళ్ళు ఈ అంకెను గమనించాలి.

కరిగేది పెరగాలంటే దారి వేరు. పప్పు మోతాదు రెట్టింపు చేయడం, వారంలో రెండు మూడు రోజులు అలసందలు గానీ రాజ్మా గానీ గుగ్గిళ్ళుగా తినడం, సాయంత్రం బిస్కెట్ల బదులు ఒక జామకాయో నారింజో తినడం. జామ గుజ్జులో పెక్టిన్, గింజల్లో కరగని పీచు, రెండూ దొరుకుతాయి. నారింజ తొనల మీది తెల్లటి పొరలో పెక్టిన్ ఉంటుంది, దాన్ని ఒలిచి పారేయకండి.

నాకు షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నాయి. కరిగే పీచు అయితే చాలా?

ఇక్కడ కరగడం కంటే చిక్కబడటం ముఖ్యం. నీళ్ళలో కరిగి జెల్‌లా అయ్యే పీచు చిన్నపేగులో ఆహారాన్ని చిక్కబరుస్తుంది. అప్పుడు గ్లూకోజ్ పేగు గోడ దాకా చేరడం నెమ్మదిస్తుంది. కొవ్వు జీర్ణం కావడానికి కాలేయం పంపే పైత్యరసం ఆమ్లాలు ఆ జెల్‌లో చిక్కుకుని బయటికి పోతాయి. వాటి స్థానంలో కొత్తవి తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. కొలెస్ట్రాల్ తగ్గేది ఇలా.

ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు పూర్తిగా కరుగుతాయి గానీ చిక్కబడవు. పెద్దపేగులో బ్యాక్టీరియాకు మంచి మేత అవుతాయి, కొలెస్ట్రాల్ మీద మాత్రం పెద్దగా ప్రభావం ఉండదు. ఇలాంటి తేడాల వల్లే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓల నిపుణుల బృందం 1998లోనే కరిగేది, కరగనిది అనే విభజనను క్రమంగా వదిలేయమని సూచించింది. అది వాడుకలోంచి పోలేదు, మనమూ ఇక్కడ వాడుతున్నాం. దాని హద్దు తెలిసి వాడితే తప్పేం లేదు.

మోతాదు విషయానికి వస్తే, ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు కడుపులోకి వెళ్తే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. ఓట్స్‌లో అది 4 శాతం ఉంటుంది కాబట్టి 3 గ్రాములకు 75 గ్రాముల ఓట్స్ కావాలి. ఒక టీ కప్పు పాలలో రెండు చెంచాలు కలుపుకుంటే ఆ లెక్క కుదరదు. కూరగాయలతో మాత్రమే అంత చిక్కటి పీచు సంపాదించడం కష్టం. కూరగాయలు, పప్పులు, పండ్లు, కావాలంటే ఓట్స్ లేదా ఇసబ్గోల్, అన్నీ కలిస్తేనే అంకె కదులుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

మెంతులు షుగర్‌కు పనిచేస్తాయా? తాలింపులో రోజూ వేస్తున్నాం.

మెంతుల బరువులో సగానికి దగ్గరగా పీచే. అందులో మంచి భాగం గ్వార్ గమ్ లాంటి జిగురు. నానబెట్టిన మెంతుల చుట్టూ జారే పొర అదే. దీని మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోనే పరిశోధన జరిగింది. 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇన్సులిన్ వాడే రోగులకు నూనె తీసిన మెంతిపిండిని రొట్టెల్లో కలిపి, మధ్యాహ్నం సగం, రాత్రి సగంగా పది రోజులు ఇచ్చారు. పరగడుపు షుగర్ తగ్గింది.

ఇచ్చింది రోజుకు 100 గ్రాములు. తాలింపులో పడేది పావు చెంచా, అంటే ఒక గ్రాము. అది రుచికి, వాసనకు. పీచు కోసం మెంతులు తినాలంటే చెంచాల్లో నానబెట్టుకుని తినాలి, అప్పుడు కూడా పరిశోధనలో వచ్చినంత ఫలితం రావాలని లేదు. షుగర్ మాత్రలతో పాటు ఎక్కువ మెంతులు మొదలుపెడితే షుగర్ మరీ పడిపోయే వీలుంది, డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి. మెంతికూర మాత్రం మామూలు ఆకుకూరే, గింజల్లోని జిగురు ఆకుల్లో ఆశించకూడదు.

వండితే పీచు పోతుందా?

విటమిన్‌ సి లాగా పీచు వేడికి నాశనం కాదు. వండినప్పుడు జరిగేది ఒక రకం మరో రకంగా మారడం. పచ్చి కాయలో కణాల మధ్య గట్టిగా ఇరుక్కుని ఉన్న పెక్టిన్ వేడికి వదులై నీళ్ళలో కలుస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు కరగని లెక్కలో ఉన్నది కొంత, ఉడికాక కరిగే లెక్కలోకి వస్తుంది. ముక్క మెత్తబడటమంటే ఇదే. అందుకే ఉడికించిన నీళ్ళు పారబోస్తే కరిగే పీచు కొంత దాంతోపాటే పోతుంది. పులుసు, కూటు, పప్పుకూర లాంటి వాటిలో ఆ నీరు గిన్నెలోనే ఉంటుంది.

వంటింట్లో పెక్టిన్ చేసే పనులు మనం రోజూ చూస్తూనే ఉంటాం. చింతపండు పులుసు ముందే పోస్తే ముక్కలు ఎంతసేపటికీ ఉడకవు, ఎందుకంటే పులుపులో పెక్టిన్ తొందరగా విడిపోదు. ముక్క ఉడికాకే పులుసు పోయాలని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే. బోరు నీళ్ళలో కందిపప్పు పలుకుపలుకుగా ఉండిపోతుంది. ఆ నీళ్ళలోని కాల్షియం పెక్టిన్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే పప్పు త్వరగా మెత్తబడుతుంది, దానితో పాటు బి1 విటమిన్ కొంత పోతుంది. పప్పును ఒకట్రెండు గంటలు మంచినీళ్ళలో నానబెట్టడం అంతకంటే మంచి పద్ధతి.

అన్నం, బంగాళదుంప ఉడికి చల్లారాక వాటిలోని పిండిపదార్థం కొద్దిగా జీర్ణం కాని రూపంలోకి మారుతుంది. చద్దన్నంలో ఇది జరుగుతుంది. పెరిగేది కొద్దిపాటే, చద్దన్నం కదా అని షుగర్ ఉన్నవాళ్ళు రెండో కంచం పెట్టుకునేంత కాదు.

మిక్సీలో వేస్తే పీచు చచ్చిపోతుందంటారు. జ్యూస్, స్మూతీ ఒకటేనా?

మిక్సీ బ్లేడు పీచును ముక్కలు చేస్తుంది, మాయం చేయదు. వడకట్టడం వల్లే నష్టం. క్యారెట్ జ్యూస్ తీసి పిప్పి పారేస్తే కరగని పీచు దాదాపు అంతా ఆ పిప్పిలో పోతుంది, కరిగేది కొంత గ్లాసులోకి వస్తుంది. వడకట్టకుండా తాగితే రెండూ ఉంటాయి.

అయినా కాయ కొరికి తినడానికీ, గుజ్జు తాగడానికీ తేడా ఉంది. 1977లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో ఒకే మోతాదు ఆపిల్‌ను కొందరికి కాయగా, గుజ్జుగా, వడకట్టిన రసంగా వేర్వేరు రోజుల్లో ఇచ్చారు. కాయ తిన్నప్పుడు కడుపు బాగా నిండినట్టు అనిపించింది, గుజ్జుకు తక్కువ, రసానికి ఇంకా తక్కువ. రసం తాగాక ఇన్సులిన్ ఎక్కువగా పెరిగి, ఆ తర్వాత షుగర్ మామూలు కంటే కిందికి పడింది. గుజ్జులో పీచు మొత్తం ఉన్నా కణాలు చితికిపోయి ఉంటాయి కదా, ఆ తేడా కనిపించింది.

మలబద్ధకానికి కరగని పీచు పెంచాను. ఇంకా బిగుసుకుపోయింది, ఎందుకు?

ముందుగా నీళ్ళు చూసుకోండి. కరగని పీచు నీటిని పట్టుకుంటేనే మలం మెత్తబడుతుంది. రెండోది, పీచు ముతకదనం. గోధుమ తవుడు లాంటి ముతక రేణువులు పెద్దపేగు గోడను రాసుకుంటూ వెళ్ళి, పేగు నీటినీ జిగటనూ విడుదల చేసేలా చేస్తాయి. అదే తవుడును మెత్తటి పొడిగా ఆడిస్తే ఆ రాపిడి ఉండదు, ఒక్కోసారి మలం ఇంకా గట్టిపడుతుంది. కాబట్టి మెత్తటి పిండి రూపంలో వచ్చే ఫైబర్ పౌడర్ల కంటే ముతక రవ్వ, కాడలతో ఉన్న ఆకుకూర, తొక్కతో ఉన్న కాయలు ఈ పనికి నయం.

ఇసబ్గోల్ కరిగే పీచే అయినా మలబద్ధకానికి పనిచేస్తుంది. పెక్టిన్‌ను పెద్దపేగులోని బ్యాక్టీరియా దాదాపు పూర్తిగా తినేస్తుంది. ఇసబ్గోల్ జెల్‌ను అంతగా తినలేదు, అది నీటితో సహా చివరిదాకా వెళ్తుంది.

ఇంత చేసినా రెండు మూడు వారాల్లో మార్పు లేకపోయినా, మలంలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా, కడుపు ఉబ్బి వాంతులవుతున్నా ఇంకా పీచు పెంచుతూ పోకుండా డాక్టర్‌ను కలవండి.

పీచు పెంచగానే గ్యాస్ పట్టేస్తోంది. మానేయాలా?

కరిగే పీచును బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు పేగుకు ఉపయోగపడే కొవ్వు ఆమ్లాలతో పాటు గ్యాస్ కూడా వస్తుంది. పప్పుధాన్యాల్లోనూ, క్యాబేజీలోనూ ఉండే రాఫినోజ్ లాంటి చక్కెరలూ ఇలాగే పులుస్తాయి. శనగలు, రాజ్మా, అలసందలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికిస్తే అవి కొంత తగ్గుతాయి. పీచును వారానికి 5 గ్రాముల చొప్పున మెల్లగా పెంచితే పేగు అలవాటు పడుతుంది. ఒక్కరోజులో 20 నుంచి 40కి వెళ్తే ఎవరికైనా ఇబ్బందే.

పేగు తరచూ నొప్పితో ఇబ్బంది పెట్టే ఐబీఎస్ జబ్బు ఉన్నవాళ్ళకు తవుడు లాంటి ముతక పీచు నొప్పిని పెంచవచ్చు, వాళ్ళకు ఇసబ్గోల్ ఎక్కువగా పడుతుంది. ఉల్లి, వెల్లుల్లి తగ్గించి చూస్తే కొందరికి తేడా తెలుస్తుంది.

పీచు ఎవరు జాగ్రత్తగా తీసుకోవాలి?

పేగులో ఎక్కడైనా ఇరుకు ఏర్పడినవాళ్ళు, ఈమధ్య కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు ముతక పీచు తినే ముందు సర్జన్‌ను అడగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు పీచుతో ఇబ్బంది లేకపోయినా, పీచు కోసం తినే ఆకుకూరలు, చిలగడదుంపల్లోని పొటాషియంతో ఇబ్బంది రావచ్చు.

ఇసబ్గోల్‌ను పొడిగా నోట్లో వేసుకోకూడదు, గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగి, ఆపైన ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. మింగడం కష్టంగా ఉన్న వృద్ధులకు అసలు ఇవ్వవద్దు. ఈ జెల్ మాత్రల్ని కూడా పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దాన్ని పొద్దున్నే పరగడుపున వేసుకుని, ఇసబ్గోల్‌ను రాత్రికి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.